ఎదుటివాళ్ళ బిజినెస్ ప్లాన్‌ని ఇరవై నిమిషాల్లో చదవడం ఎలా?

పోయిన ఎపిసోడ్ తర్వాత చాలామంది ఒకటే అడిగారు. "మేడమ్, మా తమ్ముడు ఒక ప్లాన్ తెచ్చాడు, మా ఫ్రెండ్ ఒక ప్లాన్ తెచ్చాడు, చదివి ఎలా ఉందో చెప్పమంటున్నారు, మేం ఏం చూడాలి?" అని. ఈ ఎపిసోడ్ దాని గురించే. నేను బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. ప్రాజెక్ట్ రిపోర్టులు చదవడమే నా ఉద్యోగం. ఇప్పుడు రిటైరయ్యాక కూడా చదువుతూనే ఉన్నాను, కాకపోతే జీతం లేకుండా.

ముందు నా తప్పు ఒకటి చెప్తాను, ఎందుకంటే ఈ పద్ధతి అందులోంచే వచ్చింది. చాలా ఏళ్ళ కిందట పేపర్ ప్లేట్ల యూనిట్ కోసం ఒకాయన దరఖాస్తు పెట్టుకున్నారు. రిపోర్టు ఎంత చక్కగా ఉందంటే, కొటేషన్లు ఉన్నాయి, అయిదేళ్ళ లెక్కలు ఉన్నాయి, నిష్పత్తులన్నీ సరిగ్గా వచ్చాయి. నేను రెండు రోజులు కూర్చుని ప్రతి పేజీ చదివాను. మెషిన్ కొటేషన్‌లో ఒక తేదీ తప్పు పడితే దిద్దించాను. కరెంటు లెక్క తక్కువ వేశారని సరిచేయించాను. అన్నీ అడిగాను కానీ ఆ ప్లేట్లు ఎవరు కొంటారు అని మాత్రం గట్టిగా అడగలేదు. రెండేళ్ళు తిరగకుండా ఖాతా మొండిబాకీ అయింది. ఆయన తల్లి పేరు మీద ఉన్న ఇల్లు తనఖాలో ఉంది. ఆ తర్వాత ఏం జరిగిందో వివరంగా చెప్పను, మీరు ఊహించుకోగలరు. రెండు రోజులు చదివి నేను చిన్న తప్పులన్నీ పట్టుకున్నాను, పెద్దదాన్ని వదిలేశాను.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. ఇరవై నిమిషాలు గడియారం పెట్టుకుంటాను. టైమ్ తక్కువ ఉంటే మనం చిన్న తప్పుల జోలికి వెళ్ళలేం, అదే దాని లాభం. ఒక పెన్ను, ఒక తెల్ల కాగితం, ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉంటే చాలు.

ఊరికే సూత్రాలు చెప్తే అర్థం కాదు కాబట్టి, ఒక నిజమైన ప్లాన్ పట్టుకుని మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా చేసి చూపిస్తాను. మా చెల్లెలి కొడుకుది. వాడి అనుమతి తీసుకునే చెప్తున్నాను, పేరు మాత్రం చెప్పొద్దన్నాడు. హైదరాబాద్‌లో నెలకి 35 వేల జీతం మీద ఉద్యోగం చేస్తున్నాడు. అది మానేసి మహబూబ్‌నగర్‌లో గానుగ నూనె యూనిట్ పెట్టాలని. ఆ చుట్టుపక్కల పల్లి పంట ఉంది కదా, ఆలోచన మంచిదే. మొత్తం 14 లక్షల ప్రాజెక్టు. బ్యాంకు లోను 10 లక్షలు, మిగతా 4 లక్షలు వాడు దాచుకున్నదీ, మా చెల్లెలి బంగారమూ. ఫైలు తెచ్చి ఇచ్చి "పెద్దమ్మా, ఒకసారి చూడు, బానే ఉంది కదా?" అన్నాడు. చూడండి, "ఎలా ఉంది?" అని అడగలేదు. "బానే ఉంది కదా?" అన్నాడు. చాలామంది అలాగే అడుగుతారు. మనం కూడా మొహమాటానికి "బానే ఉంది రా" అనేస్తాం.

సరే, గడియారం మొదలు.

మొదటి రెండు నిమిషాలు. రిపోర్టు మొదటి పేజీ నుంచి చదవకండి. ముందు పేజీల్లో ఏముంటుంది? ఆరోగ్యం మీద జనానికి అవగాహన పెరిగింది, మార్కెట్ పెద్దది, ప్రభుత్వ ప్రోత్సాహం ఉంది, ఇవే ఉంటాయి. అవన్నీ నిజమే కావచ్చు, కానీ అవి ఆ ఊళ్ళో ఆ షాపు గురించి ఏమీ చెప్పవు. నేరుగా వెనక్కి వెళ్ళి మూడు అంకెలు వెతకండి. ఒకటి, ఒక్క యూనిట్ ఎంతకి అమ్ముతారు. రెండు, నెలకి ఎన్ని అమ్ముతామని రాశారు. మూడు, చేతిలో వర్కింగ్ క్యాపిటల్ ఎంత. మా వాడి ప్లాన్‌లో లీటరు 400 రూపాయలు, రోజుకి 54 లీటర్లు, వర్కింగ్ క్యాపిటల్ 2 లక్షలు. కాగితం మీద పైన రాసుకున్నాను. ఈ మూడూ దొరక్కపోతే ఇక చదవక్కర్లేదు, ఫైలు తిరిగిచ్చి అవి రాసుకురమ్మని చెప్పొచ్చు.

తర్వాత అయిదు నిమిషాలు ఒక్క లీటరు మీద. మొత్తం వ్యాపారం సంగతి వదిలేయండి. ఒక్క లీటరు అమ్మితే చేతిలో ఎంత మిగులుతుంది? అదొక్కటే చూడాలి.

400లో ముందు జీఎస్టీ తీసేయాలి, అది మన డబ్బు కాదు. వంటనూనెకి 5 శాతం. తీసేస్తే సుమారు 380 రూపాయలు. ఇప్పుడు ఖర్చు. ప్లాన్‌లో కిలో పల్లి గింజలకి 450 గ్రాముల నూనె వస్తుందని రాశాడు. "ఇదెక్కడిది రా?" అంటే "ఇంటర్నెట్‌లో చూశా పెద్దమ్మా, గింజలో అంత నూనె ఉంటుంది" అన్నాడు. గింజలో ఉండటం వేరు, గానుగ తీయడం వేరు కదండీ. చెక్కలో కొంత ఉండిపోతుంది, ఆ చెక్కని గేదెలకి పెడతారు. అక్కడే కూర్చుని తెలిసిన గానుగాయనకి ఫోన్ చేశాం. 400 గ్రాములు లెక్క వేసుకోండమ్మా, మంచి గింజ అయితేనే అదైనా అన్నాడు.

లీటరు నూనె అంటే కిలో కాదు, 910 గ్రాములు ఉంటుంది. కిలోకి 400 గ్రాముల లెక్కన లీటరుకి రెండుంబావు కిలోల పైచిలుకు గింజలు కావాలి. గింజలు కిలో 120 చొప్పున 273 రూపాయలు. చెక్క ఒక కిలో మూడొందల గ్రాములు వస్తుంది, కిలో 40కి అమ్మితే 52 వెనక్కి. అంటే సరుకు ఖర్చు 221. సీసా, మూత, లేబుల్ 15. కరెంటు 5. ఇంటికి తీసుకెళ్ళి ఇస్తే 15. అన్నీ కలిపి 256. 380లోంచి 256 తీస్తే 124 మిగిలాయి.

కానీ ప్లాన్‌లో సగం సరుకు కిరాణా షాపుల్లో పెడతామని ఉంది. షాపువాళ్ళు 15 శాతం అడుగుతారు, అంటే 60 రూపాయలు. డెలివరీ ఖర్చు మిగులుతుంది కాబట్టి నికరంగా 45 తగ్గుతుంది. అక్కడ లీటరుకి 79 మిగులుతుంది. 124, 79 సగం సగం కలిపితే సుమారు 100 రూపాయలు. ఇదే మన అంకె. ఒక్క లీటరుకి 100. దాని చుట్టూ సున్నా చుట్టండి, మిగతా లెక్కంతా దీని మీదే.

ఇక్కడొక మాట. 450 గ్రాములకీ 400 గ్రాములకీ తేడా పట్టుకున్నాం కదా, చాలామంది ఇక్కడ ఆగిపోతారు. "చూశావా, తప్పు దొరికింది" అని సంబరం. కానీ ఆ తప్పు ఖరీదెంత? గింజల మీద 30 రూపాయలు ఎక్కువ పడింది, నూనె తక్కువ తీస్తే చెక్క ఎక్కువ వస్తుంది కాబట్టి అందులో 8 వెనక్కి వచ్చింది. తేడా 22 రూపాయలు. ధర 400 బదులు 425 పెడితే సర్దుకుపోయే తప్పు. ఇది దిద్దుకోగలిగే తప్పు అని పక్కన చిన్నగా రాసి ముందుకి వెళ్ళాను. ప్రాణం తీసే తప్పు ఇంకోటి ఉంటుంది, దానికోసం టైమ్ మిగుల్చుకోవాలి.

ఏడు నిమిషాలు అయ్యాయి. తర్వాత ఆరు నిమిషాలు నెల బరువు మీద. అంటే ఒక్క లీటరు కూడా అమ్మకపోయినా నెల తిరిగేసరికి కట్టాల్సింది ఎంత? అద్దె 15 వేలు. ఇద్దరు పనివాళ్ళకి 12 వేల చొప్పున 24 వేలు. లోను కిస్తీ ప్లాన్‌లో 11 శాతం వడ్డీ, అయిదేళ్ళు వేశాడు, 10 లక్షలకి నెలకి సుమారు 21,700. ఫోను, రిపేర్లు, లెక్కలు రాసే ఆయన ఫీజు ఇవన్నీ కలిపి 5,300. మొత్తం 66 వేలు.

ఇంకో పద్దు ఉండాలి, ఏంటో చెప్పండి? వాడి తిండి. వాడి ఇంటి ఖర్చు. ప్లాన్‌లో ఎక్కడా లేదు. నేను చదివిన సొంత వ్యాపారాల ప్లాన్లలో సగానికి పైగా ఇది ఉండదు. "లాభంలోంచి తీసుకుంటా" అంటారు. లాభం వచ్చేదాకా ఏం తింటారు? ఇంట్లో భార్య ఉంది, చిన్నపాప ఉంది. వాడినే అడిగితే 30 వేలు లేకపోతే నడవదు అన్నాడు. అప్పుడు నెల బరువు 96 వేలు అయింది.

ఇప్పుడు భాగహారం చేయండి. 96 వేలని లీటరుకి మిగిలే 100తో భాగిస్తే 960. నెలకి 960 లీటర్లు అమ్మితే వాడు నష్టం లేకుండా, ఇల్లు గడుపుకుంటూ నిలబడతాడు. నెలకి 26 రోజుల లెక్కన రోజుకి 37 లీటర్లు. ప్లాన్‌లో 54 రాశాడు కాబట్టి చూడ్డానికి బానే ఉంది, ఇంకా లాభమే. చాలామంది ఇక్కడ ఫైలు మూసేస్తారు. నేను పేపర్ ప్లేట్ల దగ్గర మూసింది సరిగ్గా ఇక్కడే.

మూయకుండా ఒక ప్రశ్న అడగాలి. ఆ 54 ఎక్కడ నుంచి వచ్చింది?

మన ప్రాజెక్ట్ రిపోర్టుల్లో ఒక అలవాటు ఉంది, ఇది తెలుసుకుంటే మీకు సగం పని అయిపోయినట్టే. మెషిన్ పూర్తిగా నడిస్తే ఎంత తీస్తుందో చూస్తారు. మొదటి ఏడాది అందులో 60 శాతం, రెండో ఏడాది 70, మూడో ఏడాది 80 అని రాస్తారు. అదే అమ్మకం అనుకుంటారు. మా వాడిదీ అంతే. రెండు గానుగలు, ఒక్కోదాంట్లో ఒక వాయికి 15 కిలోల గింజలు, రోజుకి ఒక్కోటి ఆరు వాయిలు. కిలోకి 450 గ్రాముల చొప్పున సుమారు 90 లీటర్లు. అందులో 60 శాతం 54. అంటే ఆ అంకె గానుగ గురించి చెప్తోంది, కొనేవాళ్ళ గురించి కాదు. 60 శాతం అని తగ్గించి రాసేసరికి ఎంతో జాగ్రత్తగా వేసిన లెక్కలా కనిపిస్తుంది, అదే దాంట్లో ఉన్న మాయ. ఎవరూ కొనకపోయినా గానుగ 54 లీటర్లు తీస్తుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. అప్పు తిరిగి కట్టే శక్తి ఉందో లేదో చూడటానికి బ్యాంకులో ఒక నిష్పత్తి చూస్తాం, డీఎస్‌సీఆర్ అంటారు. ఏడాదిలో చేతికొచ్చే డబ్బు, కట్టాల్సిన అసలు వడ్డీకి ఎన్ని రెట్లు ఉంది అని. అది ఒకటిన్నర దాకా ఉంటే ఆఫీసరుకి ధైర్యంగా ఉంటుంది. ఈ సంగతి రిపోర్టులు రాసిచ్చేవాళ్ళకీ తెలుసు. ఆ నిష్పత్తి వచ్చేదాకా అమ్మకాల అంకెని కాస్త పైకి కాస్త కిందికి సర్దేవాళ్ళని నేను చూశాను. పట్టికలో అమ్మకం మొదటి వరుసలో ఉంటుంది, కానీ అందరికంటే ఆఖరున నింపేది కొన్నిసార్లు దాన్నే. అందుకే ఆ అంకెని మనం నమ్మకూడదు, మనమే కింద నుంచి కట్టుకురావాలి.

ఎలాగ? లీటర్లని మనుషులుగా మార్చండి. ఒక కుటుంబం నెలకి ఎంత గానుగ నూనె కొంటుంది? మామూలు ప్యాకెట్ నూనె కంటే ఇది బాగా ఖరీదు. అందుకని డీప్ ఫ్రైకి ప్యాకెట్ నూనె వాడుకుని, కూరలకి ఇది వాడేవాళ్ళే ఎక్కువ. నెలకి రెండు లీటర్లు అనుకుందాం. 960 లీటర్లు అంటే 480 కుటుంబాలు. ఒకసారి కొనే 480 కాదండీ, ప్రతి నెలా మళ్ళీ మళ్ళీ కొనే 480. ప్లాన్‌లో రాసిన 54 లీటర్లు నిజం కావాలంటే నెలకి 1,404 లీటర్లు, అంటే 702 కుటుంబాలు.

"ఇప్పటికి ఎంతమంది ఉన్నారు నాన్నా?" అని అడిగాను. "వాట్సాప్ గ్రూపులో పెట్టాను పెద్దమ్మా, 60 మంది తీసుకుంటామన్నారు" అన్నాడు. "మన ఊళ్ళో గానుగలు లేవా?" అంటే, ప్లాన్‌లో పోటీ లేదని రాసినవాడే వేళ్ళు మడిచి లెక్కపెట్టి నాలుగు చెప్పాడు.

అదీ సంగతి. ఫైలు మొత్తంలో 480 అనే అంకె ఎక్కడా లేదు. అన్నిటికంటే ముఖ్యమైన అంకె రాయకుండా వదిలేశారు. నా అనుభవంలో పెద్ద తప్పు చాలాసార్లు ఇలాగే ఉంటుంది. రాసినదాంట్లో తప్పు ఉంటే కళ్ళకి కనిపిస్తుంది. రాయనిది కనపడదు, దాన్ని మనం లెక్క కట్టి బయటకు లాగాలి.

పదమూడు నిమిషాలు అయ్యాయి. ఇక నాలుగు నిమిషాలు చేతిలో డబ్బు మీద. 480 కుటుంబాలు దొరకవని నేను అనట్లేదు. దొరకొచ్చు. ఎన్నాళ్ళకి దొరుకుతాయి, అప్పటిదాకా డబ్బు ఉంటుందా అనేదే ఈ నాలుగు నిమిషాల్లో చూడాలి.

నెలకి 40 కొత్త కుటుంబాలు చేరతాయనీ, చేరినవాళ్ళు ఒక్కరూ మానరనీ అనుకుందాం. ఇది వాడికి అనుకూలంగా వేసిన లెక్క. మొదటి నెల 40 కుటుంబాలు, 80 లీటర్లు, మిగిలేది 8 వేలు. నెల బరువు 96 వేలు. అంటే 88 వేలు చేతి నుంచి పడాలి. రెండో నెల 80 వేలు. మూడో నెల 72 వేలు. ఇలా నెలకి 8 వేలు తగ్గుతూ పన్నెండో నెలకి సున్నా అవుతుంది. అన్నీ కలిపితే 5 లక్షల 28 వేలు. అంటే ఏడాది పాటు అన్నీ బాగా జరిగినా సరే, తన కాళ్ళ మీద తను నిలబడేలోపు వ్యాపారం అయిదుంబావు లక్షలు మింగుతుంది. చేతిలో ఉన్నది 2 లక్షలు.

ఆ 2 లక్షలు ఎప్పటికి అయిపోతాయి? మొదటి రెండు నెలలకే 1,68,000 పోయింది. మూడో నెల మధ్యలో ఖాళీ. కిస్తీకి మొదట కొన్ని నెలలు మారటోరియం ఇస్తే, అప్పుడు వడ్డీ మాత్రమే కడతాడు కాబట్టి ఇంకో రెండు వారాలు లాగుతుంది, అంతే. ఇందులో గింజల స్టాక్ లెక్క లేదు. మన దగ్గర యాసంగి పల్లి మార్కెట్‌కి వచ్చే రోజుల్లోనే ధర తక్కువగా దొరుకుతుంది కాబట్టి పది క్వింటాళ్ళు కొని పెట్టుకోవాలని ప్లాన్‌లోనే ఉంది. దానికే 1,20,000 కావాలి. ఆ డబ్బు ఏ పద్దులోంచి? అదే 2 లక్షల్లోంచి. అప్పుడు మిగిలేది 80 వేలు, మొదటి నెల ఖర్చుకే చాలదు. పైగా సగం సరుకు షాపుల్లో పెడితే వాళ్ళు వెంటనే డబ్బివ్వరు, అమ్ముడయ్యాక నెల రోజులకి ఇస్తారు.

ఇలాంటి చోట నేను చూసే గుర్తు ఒకటుంది. ప్లాన్‌లో లాభనష్టాలు ఏడాదికి ఒకసారి వేసి, నెలవారీ డబ్బు లెక్క లేకపోతే అనుమానించాలి. ఏడాది లెక్కలో జనవరి కష్టం డిసెంబర్ లాభంలో కలిసిపోతుంది. కానీ ఇంటి అద్దె జనవరిలోనే కట్టాలి కదా.

పదిహేడు నిమిషాలు. చివరి మూడు నిమిషాలు రాయడానికి. చదివినంత సేపూ నాలుగైదు తప్పులు కనిపించి ఉంటాయి. అన్నీ చెప్పకూడదు. అన్నీ చెప్తే ఎదుటివాళ్ళు సులువైనవి దిద్దుకొచ్చి "సరిచేశాను" అంటారు. ఒక్కో తప్పు పక్కన ఒక ప్రశ్న రాసుకోండి. ఈ ఒక్కటీ ఇలాగే ఉండి, మిగతావన్నీ సరిగ్గా ఉంటే వ్యాపారం బతుకుతుందా? నూనె దిగుబడి తప్పు, బతుకుతుంది, ధర పెంచుకోవచ్చు. ఇంటి ఖర్చు రాయకపోవడం, బతకొచ్చు, భార్య ఉద్యోగం చేస్తే ఒక ఏడాది సర్దుకోవచ్చు. 480 కుటుంబాలు లేకపోవడం, బతకదు. అవి దొరికేదాకా డబ్బు లేకపోవడం, బతకదు. చివరి రెండూ నిజానికి ఒకటే తప్పు, కొనేవాళ్ళు నెమ్మదిగా వస్తారని ప్లాన్ ఒప్పుకోలేదు. అదే రాశాను.

ఇలా రాసిచ్చాను: "నీ ప్లాన్ నిలబడాలంటే ప్రతి నెలా మళ్ళీ కొనే 480 కుటుంబాలు కావాలి, నీ దగ్గర మాట ఇచ్చినవాళ్ళు 60. అన్నీ బాగా జరిగినా నీకు ఇంకో మూడు లక్షల పైన కావాలి, స్టాక్ కాకుండా. లోను తీసుకునే ముందు ఆ 60 మందిలో ఎంతమంది రెండోసారి కొంటారో తెలుసుకో." మూడు వాక్యాలు. మూడోది ఎప్పుడూ ఒక పరీక్ష అయ్యుండాలి, తక్కువ డబ్బుతో, లోను లేకుండా చేయగలిగేది. ఊరికే "కుదరదు" అని చెప్పే హక్కు మనకి లేదండీ, మనం కూడా తప్పు కావచ్చు. పరీక్ష చెప్తే అదే తేలుస్తుంది.

వాడు ఒప్పుకున్నాడా? లేదు. మొహం ముడుచుకుని ఫైలు పట్టుకుని వెళ్ళిపోయాడు. మా చెల్లెలు ఫోన్ చేసి "అక్కా, నువ్వు వాడి ఉత్సాహం మీద నీళ్ళు చల్లావు" అంది. ఒక నెల మాట్లాడలేదు. ఆ నెల నాకు నిద్ర పట్టలేదు, అది కూడా చెప్పాలి. తర్వాత వాడే చేశాడు. ఉద్యోగం మానకుండా, గింజలు కొని ఊళ్ళో ఉన్న గానుగలో కూలికిచ్చి ఆడించాడు. అమ్మడానికి కావలసిన ఫుడ్ లైసెన్సు రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు. శని ఆదివారాలు ఇళ్ళకి ఇచ్చాడు. తీసుకుంటామన్న 60 మందిలో 31 మంది మొదటిసారి కొన్నారు. రెండో నెల మళ్ళీ కొన్నవాళ్ళు 19. అందులో చాలామంది తీసుకున్నది ఒక్క లీటరే.

ఈ 19 చూసి నేను గెలిచాననుకోలేదు. ఎందుకంటే ఆ 19 మందిలో 16 మంది మూడో నెల కూడా కొన్నారు. అంటే సరుకు మంచిదే, నచ్చినవాళ్ళు మానట్లేదు. తప్పు నూనెలో లేదు, వేగంలో ఉంది. ఇప్పుడు వాడికి 70 కుటుంబాలు ఉన్నాయి. ఉద్యోగం చేస్తూనే ఉన్నాడు. రెండొందలు దాటాక ఒక్క గానుగతో, అయిదారు లక్షల్లో మొదలుపెడతానంటున్నాడు. పెడతాడో లేదో నాకూ తెలీదు. కానీ మా చెల్లెలి బంగారం ఇంట్లోనే ఉంది.

ముగించే ముందు ఈ పద్ధతి ఎక్కడ పనిచేయదో కూడా చెప్పాలి. ఇది నెల నెలా అమ్మకాలుండే వ్యాపారాలకి సరిపోతుంది. షాపు, హోటల్, తయారీ యూనిట్, ట్యూషన్ సెంటర్ లాంటివి. ఏళ్ళ తరబడి పరిశోధన చేసి తర్వాత అమ్మే వాటికి ఒక్క యూనిట్ లెక్క ఇలా రాదు. ఆ మనిషికి పని చేతనవునా కాదా అన్నది కాగితంలో కనపడదు. లైసెన్సులు, భూమి పత్రాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఇరవై నిమిషాల్లో తేలదు, దానికి వేరే మనుషులున్నారు. రాసిన ధరలు అబద్ధమైతే మన లెక్క కూడా అబద్ధమే అవుతుంది, అందుకే నేను మధ్యలో గానుగాయనకి ఒక ఫోన్ చేశాను. వీలైతే అలాంటి ఫోన్ ఒక్కటి మీరూ చేయండి, పెద్ద ఖర్చు పద్దు ఏదో దాని గురించి, ఇప్పటికే ఆ వ్యాపారంలో ఉన్న మనిషికి.

ఈ వారం మీ ఇంట్లో ఎవరి ప్లాన్ అయినా ఉంటే ఇరవై నిమిషాలు కూర్చుని చేయండి. మీ లెక్కలో వచ్చిన ఆ రెండు అంకెలు, ఎంతమంది కావాలి, ఎంతమంది ఉన్నారు, కింద కామెంట్‌లో రాయండి, పేర్లు వద్దు. వచ్చే ఎపిసోడ్‌లో షాపులకి అరువిచ్చి ఇరుక్కున్న ఒక చిన్న వ్యాపారం లెక్క చూద్దాం. ఉంటానండీ, నమస్కారం.